నాన్నగారి ఫోన్‌కి వచ్చిన చలాన్ మెసేజ్: స్క్రీన్‌షాట్ చూసి చెప్పండి

పర్లాకిమిడి శ్రీను
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. నాన్నగారికి 67 ఏళ్లు, నా పాత ఐఫోన్ వాడుతున్నారు. ఈరోజు మధ్యాహ్నం ఆయనకి ట్రాఫిక్ చలాన్ కట్టమని ఒక మెసేజ్ వచ్చింది. స్క్రీన్‌షాట్ కింద పెట్టాను. మెసేజ్ ఇంగ్లీషులో ఉంది, సారాంశం ఇది: మీ వాహనం మీద ట్రాఫిక్ ఉల్లంఘన నమోదైంది, 500 రూపాయలు బాకీ ఉంది, ఈరోజు సాయంత్రంలోగా కట్టకపోతే లైసెన్స్ రద్దు చేసి కోర్టుకి పంపుతాం. దాని కింద లింక్. లింక్ కింద ఇంకో వాక్యం, Y అని రిప్లై ఇచ్చి, మెసేజ్ మూసేసి, మళ్లీ తెరిస్తే లింక్ పనిచేస్తుందని.

పంపిన నంబరు +63 తో మొదలైంది. లింక్ ఇలా ఉంది, ఎవరూ పొరపాటున నొక్కకుండా మధ్యలో కొన్ని అక్షరాలు కొట్టేశాను:

```
https://parivahan.gov.in-echXXXX.top/in
```

నాన్నగారు వారానికోసారి పాతపట్నం మీదుగా టెక్కలి వెళ్తారు, మా అత్తయ్యగారి ఇల్లు అక్కడే. స్కూటర్ ఒడిశా నంబరుది. దారిలో ఎక్కడో కెమెరాకి చిక్కి ఉంటానేమో అని ఆయన అనుమానం. నాకు ఇది దొంగ మెసేజ్ అనే అనిపిస్తోంది, కానీ ఆయనకి నచ్చజెప్పాలంటే ఏది తప్పో చూపించాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

గుణుపురం డ్రైవర్
అన్నయ్యా, ఆ ఫైల్ మాత్రం ఇన్‌స్టాల్ చేయొద్దు. మా బావమరిదికి ఇలాగే చలాన్ అని వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ వచ్చింది. నొక్కగానే మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడిగింది, ఇచ్చేశాడు. తర్వాత యాప్ గుర్తు తెర మీద కనపడలేదు, పోయిందనుకున్నాడు. లోపల మాత్రం అది వచ్చే ఓటీపీలన్నీ వాళ్లకి పంపుతూనే ఉంది. రెండు ఖాతాల్లో డబ్బులు పోయాయి. వెంటనే ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి ఫోన్ చెయ్యండి.

పర్లాకిమిడి శ్రీను
ఫైల్ ఏమీ రాలేదండీ, లింక్ ఒక్కటే. పైగా ఇది ఐఫోన్.

గుణుపురం డ్రైవర్
ఐఫోనా, అయితే మా వాడి సంగతి వేరు. ఆండ్రాయిడ్ వాడేవాళ్లు మాత్రం నేను రాసింది గుర్తుంచుకోండి.

రాయగడ రమణమూర్తి
శ్రీను గారూ, చాలా తేలిక. ఇండియాలో ప్రభుత్వం గానీ బ్యాంకు గానీ పంపే మెసేజ్ పది అంకెల నంబరు నుంచి రాదు. ముందు రెండు అక్షరాలు, ఒక గీత, తర్వాత VAAHAN లాంటి ఆరక్షరాల పేరు ఉంటుంది. 2025 నుంచి చివర ఇంకో అక్షరం కూడా పెడుతున్నారు, ప్రభుత్వానిదైతే G, ప్రచారానిదైతే P. ఇక్కడ అవేవీ లేవు కాబట్టి ఇది దొంగదే. అలాంటి పేరుతో వస్తే మాత్రం నిశ్చింతగా నొక్కి కట్టేయొచ్చు.

బరంపురం సుజాత
రమణమూర్తి గారూ, మీ మొదటి సగం నిజం. చివరి వాక్యం మాత్రం ఎవరూ పాటించకండి. ఆ పేర్లు కూడా దుర్వినియోగమైన కేసులు ఉన్నాయి. పేరు లేకపోతే అనుమానించాలి, అంతేగానీ పేరు ఉంది కదా అని నమ్మేయకూడదు. ఎవరి పేరుతో వచ్చినా మెసేజ్‌లోని లింక్ నుంచి డబ్బు కట్టకండి.

నేను బ్యాంకులో కార్డుల ఫిర్యాదులు చూసే పనిలో చాలాకాలం ఉన్నాను, స్క్రీన్‌షాట్ చూస్తే కొన్ని కనిపిస్తున్నాయి. శ్రీను గారూ, పైన తేదీ మీద చిన్న అక్షరాల్లో iMessage అని ఉంది చూడండి. అంటే ఇది మన టెలికాం కంపెనీల దారిలో వచ్చిన ఎస్సెమ్మెస్ కానే కాదు, ఇంటర్నెట్ మీద ఆపిల్ వాళ్ల దారిలో వచ్చింది. రమణమూర్తి గారు చెప్పిన పేర్లు, G అక్షరం అన్నీ ఎస్సెమ్మెస్‌కి పెట్టిన కట్టుబాట్లు, ఈ దారికి వర్తించవు. రవాణా శాఖ మనకి చలాన్ సంగతి ఐమెసేజ్‌లో చెప్పదు, అదీ ఫిలిప్పీన్స్ కోడ్ నుంచి. +63 ఆ దేశానిదే.

ఇక ఆ Y సంగతి. నాకు దీనికన్నా గట్టి ఆధారం ఇంకోటి అక్కర్లేదు. కొత్త నంబరు నుంచి వచ్చిన మెసేజ్‌లో లింక్‌ని ఐఫోన్ పనిచేయనివ్వదు, మామూలు అక్షరాల్లా చూపిస్తుంది. మనం ఒక్కసారి జవాబిస్తే ఆ నంబరు మనకి తెలిసినవాళ్లదని ఫోన్ అనుకుని లింక్‌ని వదిలేస్తుంది. అంటే ఫోన్ వేసిన గొళ్లెం మన చేతే తీయిస్తున్నారు. నిజమైన ఆఫీసు ఎవరికీ ఆ అవసరం ఉండదు. N అని పెట్టినా, తిడుతూ జవాబిచ్చినా ఫలితం అదే, పైగా ఆ నంబరు వాడుకలో ఉందని వాళ్లకి తెలుస్తుంది. నాన్నగారు రిప్లై ఏమైనా ఇచ్చారా?

పర్లాకిమిడి శ్రీను
అడిగాను మేడమ్. Y పెట్టారట. లింక్ కూడా తెరిచారట. ఇప్పటిదాకా చెప్పలేదు. ఇప్పుడాయన మంచం మీద కూర్చుని తల పట్టుకున్నారు, నేను పక్కనే ఉన్నాను. లింక్‌లో parivahan.gov.in అని స్పష్టంగా ఉంది కదా, అది ప్రభుత్వానిది కాదని ఎలా అంటావ్ అని అడుగుతున్నారు.

బరంపురం సుజాత
లింక్ సంగతి రెండు నిమిషాల్లో రాస్తాను. ముందు ఇది చెప్పండి, తెరిచాక అందులో ఏమేం నింపారు? కార్డు వివరాలు ఇచ్చారా?

జయపురం కిరణ్
నేను ఇప్పుడే లాప్‌టాప్‌లో ఆ లింక్ పెట్టి చూశా, కొట్టేసిన అక్షరాలు ఊహించి. ఖాళీ పేజీ వచ్చింది. సైటు తీసేసినట్టున్నారు, ఇక భయం లేదు.

బరంపురం సుజాత
కిరణ్ గారూ, దయచేసి అలా పరీక్షించకండి. మీరు ఊహించిన అక్షరాలు వాళ్లవి కాకపోవచ్చు. ఒకవేళ అవే అయినా, ఇలాంటి పేజీలు చాలావరకు ఫోన్‌లో తెరిస్తేనే కనిపించేలా పెడతారు. కంప్యూటర్ నుంచి వెళ్తే ఖాళీ పేజీనో, ఇంకేదో సైటునో చూపిస్తాయి, పరిశోధించేవాళ్లకి దొరక్కుండా. ఖాళీగా వచ్చినంత మాత్రాన తీసేసినట్టు కాదు.

పర్లాకిమిడి శ్రీను
పూర్తిగా అడిగి రాస్తున్నాను. పేజీలో ముందు స్కూటర్ నంబరు, ఫోన్ నంబరు అడిగింది, ఇచ్చారు. తర్వాత 500 కట్టమని కార్డు పేజీ వచ్చింది. యూపీఐ ఎంపిక కోసం వెతికారట, లేదట, కార్డు ఒక్కటే. డెబిట్ కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు నింపారు. బ్యాంకు నుంచి ఓటీపీ మెసేజ్ వచ్చింది. అందులో 500 కాకుండా 38,400 అని, ఏదో తెలియని దుకాణం పేరు కనిపించి ఆగిపోయారు. ఓటీపీ వేయలేదు, పేజీ మూసేశారు. ఇది జరిగి గంటన్నర అయింది. ఖాతాలో డబ్బు అలాగే ఉంది.

రాయగడ రమణమూర్తి
హమ్మయ్య. ఓటీపీ ఇవ్వలేదుగా, ఇంకేం కాదు. టెన్షన్ పడొద్దని చెప్పండి నాన్నగారికి.

బరంపురం సుజాత
శ్రీను గారూ, ఇది చదవగానే మిగతా పోస్టులు వదిలేసి కార్డు బ్లాక్ చేయించండి. తర్వాత మాట్లాడుకుందాం. బ్యాంకు యాప్ ఉంటే అందులోనే కార్డు బ్లాక్ ఉంటుంది, లేకపోతే కార్డు వెనక ఉన్న నంబరుకే ఫోన్ చేయండి. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతకొద్దు, అక్కడ దొంగ నంబర్లు ఉంటాయి. తాత్కాలికంగా ఆపడం కాదు, పూర్తిగా బ్లాక్ చేసి కొత్త కార్డు అడగండి. ఫిర్యాదు నంబరు కాగితం మీద రాసుకోండి, చెప్పిన టైముతో సహా.

రమణమూర్తి గారూ, ఓటీపీ ఇవ్వకపోవడం వల్ల ఆ ఒక్క లావాదేవీ ఆగింది. కార్డు నంబరు, తేదీ, మూడంకెలు మాత్రం వాళ్ల దగ్గరే ఉన్నాయి. మన దేశంలోని సైట్లు ఓటీపీ అడుగుతాయి, విదేశాల్లో అడగని సైట్లు ఎన్నో ఉన్నాయి. కార్డులో విదేశీ ఆన్‌లైన్ వాడకం ఆపేసి ఉంటే అక్కడా ఆగుతుంది. 2020 తర్వాత ఇచ్చిన కార్డుల్లో అది మనం ఆన్ చేసుకుంటే తప్ప పనిచేయదు. కానీ నాన్నగారి కార్డులో ఎలా ఉందో మనకి తెలియదు కదా. చాలామంది యాప్‌లో ఏదో నొక్కబోయి అన్నీ ఆన్ చేసేసి ఉంటారు.

ఆలస్యం ఎందుకు కూడదంటే, 2017లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ఉంది. కార్డు వివరాలు మనమే ఎవరికో ఇచ్చేసిన సందర్భంలో, బ్యాంకుకి చెప్పేలోపు పోయిన డబ్బు మన మీదే పడుతుంది. చెప్పిన తర్వాత పోయింది బ్యాంకు భరించాలి. అందుకే టైము, ఫిర్యాదు నంబరు రాసుకోమన్నది.

పర్లాకిమిడి శ్రీను
బ్లాక్ అయింది మేడమ్. ఫిర్యాదు నంబరు ఎస్సెమ్మెస్‌లో కూడా వచ్చింది. యాప్‌లో చూస్తే విదేశీ వాడకం ఆన్‌లోనే ఉంది. ఎప్పుడు ఆన్ చేశారో ఆయనకే తెలియదు.

గుణుపురం డ్రైవర్
మంచి పని చేశారు. మా బావమరిదికి ఈ మాట ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

బరంపురం సుజాత
ఇప్పుడు స్థిమితంగా నాన్నగారి ప్రశ్నకి వద్దాం. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. parivahan.gov.in ప్రభుత్వానిదే, చలాన్లు చూసుకునే అసలు సైటు `echallan.parivahan.gov.in`. దొంగలు ఆ పేరుని పూర్తిగా వాడుకున్నారు, ఒక్క అక్షరం తప్పు లేకుండా. మోసం ఆ తర్వాత ఉంది.

లింక్‌ని ఎడమ నుంచి చదివితే దొరకదు. https:// ని వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఒంటి గీత `/` దగ్గరికి వెళ్లండి. అక్కడి నుంచి వెనక్కి చదవండి. మీ లింక్‌లో ఆ గీతకి ముందు `.top` ఉంది, దాని ముందు `in-echXXXX`. ఈ రెండూ కలిసిందే అసలు పేరు, అంటే `in-echXXXX.top`. ఈ పేరు కొన్నవాడు దాని ఎడమ పక్కన చుక్క పెట్టి తనకి ఇష్టమొచ్చింది రాసుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. తన ఇంట్లో గదికి కలెక్టరాఫీసు అని బోర్డు పెట్టుకున్నట్టే. gov.in అని మనకి కనిపిస్తున్న దాంట్లో in తర్వాత చుక్కా లేదు, ఒంటి గీతా లేదు, చిన్న అడ్డగీత ఉంది. ఆ అడ్డగీత వల్ల in అనేది దొంగ పేరులో మొదటి ముక్క అయిపోయింది. నిజమైన ప్రభుత్వ సైటులో gov.in అయిపోగానే ఒంటి గీత రావాలి, లేదా అక్కడితో చిరునామా ముగిసిపోవాలి. నాన్నగారిని కాగితం మీద రెండు చిరునామాలూ ఒకదాని కింద ఒకటి రాసి చూసుకోమనండి, తేడా తెలిసిపోతుంది.

ఇంకోటి, ఆ మెసేజ్‌లో ఏం లేదో కూడా చూడండి. స్కూటర్ నంబరు లేదు. చలాన్ నంబరు లేదు. ఎక్కడ, ఏ తేదీన, ఏ తప్పు చేశారో లేదు. నిజంగా చలాన్ రాసినవాళ్లకి బండి నంబరు తెలుస్తుంది, దాన్నిబట్టే కదా రాస్తారు. వీళ్లకి తెలియదు కాబట్టే పేజీలో నాన్నగారి చేతే రాయించుకున్నారు. ఈరోజు సాయంత్రంలోగా అనే గడువు కూడా చలాన్‌కి ఉండదు.

పర్లాకిమిడి శ్రీను
కాగితం మీద రాసి చూపించాను మేడమ్. అడ్డగీత చూడగానే ఆయనకి అర్థమైంది. ఇప్పుడు ఇంకో సందేహం, మెసేజ్ దొంగదైనా చలాన్ నిజంగా ఉందేమో చూసుకోవాలంటున్నారు.

రాయగడ రమణమూర్తి
అది నేను చెప్తాను, నా లారీలకి తరచూ చూస్తుంటాను. బ్రౌజర్‌లో echallan.parivahan.gov.in అని మీ చేత్తో టైప్ చేయండి, మెసేజ్ నుంచి కాదు. బండి నంబరుతో వెతకొచ్చు, ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరు గానీ ఇంజిన్ నంబరు గానీ చివరి ఐదు అంకెలు అడుగుతుంది. ఏమైనా ఉంటే ఎక్కడ, ఎప్పుడు, ఎంత అనేది కనిపిస్తుంది. అనుమానం తీరకపోతే ఆర్సీ పట్టుకుని ఊళ్లో ఆర్టీవో ఆఫీసుకే వెళ్లండి.

జయపురం కిరణ్
ఆంధ్రా వైపు రాసిన చలాన్లు కూడా అందులోనే వస్తాయా? తెలంగాణ పోలీసులకి వేరే సైటు ఉంది, హైదరాబాద్ వెళ్లినప్పుడు పడ్డ చలాన్ నాకు అక్కడే కనిపించింది.

రాయగడ రమణమూర్తి
శ్రీకాకుళంలో పడినవి నాకు పరివాహన్‌లోనే కనిపించాయి. కొన్ని రోజులు ఆలస్యంగా వచ్చినవీ ఉన్నాయి. అందుకని ఈరోజు లేదని రేపు రాదని చెప్పలేను, పది రోజులాగి ఇంకోసారి చూసుకోమనండి.

పర్లాకిమిడి శ్రీను
చూశాను. ఏమీ లేదు. ఇప్పుడే ఇంకోటి జరిగింది. నాన్నగారికి ఫోన్ వచ్చింది, బ్యాంకు హెడ్డాఫీసు నుంచి అని హిందీలో. మీ కార్డు మీద 38,400 మోసం జరగబోయింది, ఆపడానికి ఇప్పుడొచ్చే ఓటీపీ చెప్పండి అన్నాడు. ఆ సంఖ్య సరిగ్గా చెప్పేసరికి ఆయన నిజంగా బ్యాంకువాళ్లే అనుకున్నారు. నేను లాక్కుని పెట్టేశాను.

బరంపురం సుజాత
సంఖ్య వాళ్లకి తెలుస్తుంది, ఆ లావాదేవీ పెట్టింది వాళ్లే కదా. పేజీలో ఫోన్ నంబరు ఇచ్చారు కాబట్టి ఇంకా చేస్తారు. కొద్ది రోజులు తెలియని కాల్స్ మీరే ఎత్తండి. పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాం, మీ ఫిర్యాదు మా దగ్గరుంది అంటూ సైబర్ పోలీసుల పేరుతో కూడా రావచ్చు. మోసాన్ని ఆపడానికి ఓటీపీ అడిగే పద్ధతి ఏ బ్యాంకులోనూ లేదు. ఓటీపీ వచ్చినప్పుడల్లా నాన్నగారు ఈరోజు చేసినట్టే ఆ మెసేజ్ మొత్తం చదవాలి, ఎంత, ఎవరికి అని. ఆయన్ని ఇవాళ కాపాడింది అదే, ఆ మాట ఆయనకి చెప్పండి.

గుణుపురం డ్రైవర్
సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి చేశారా మరి? మా వాడు మర్నాడు చేశాడు, అప్పటికే డబ్బు వేరే ఖాతాలకి వెళ్లిపోయింది.

పర్లాకిమిడి శ్రీను
డబ్బు పోలేదు కదా, చేయాలా? నాన్నగారి సిమ్ ఆంధ్రది, ఉండేది ఒడిశాలో. చేస్తే ఎటు వెళ్తుంది?

బరంపురం సుజాత
డబ్బు పోతే 1930 క్షణం ఆలస్యం కాకూడదు, ఆ డబ్బు చేరిన ఖాతాని వాళ్లు ఆపించగలరు. పోనప్పుడు సంచార్ సాథీ సైటులో చక్షు అనే విభాగం ఉంది, `sancharsaathi.gov.in`. మెసేజ్ నంబరూ ఇప్పుడు వచ్చిన కాల్ నంబరూ రెండూ అందులో పెట్టండి, స్క్రీన్‌షాట్ జత చేయండి. నాన్నగారు కార్డు వివరాలు ఇచ్చారు కాబట్టి `cybercrime.gov.in` లో కూడా ఒక ఫిర్యాదు నమోదు చేయడం మంచిదని నా అభిప్రాయం, రేపు ఏదైనా బయటపడితే ముందే చెప్పామన్న ఆధారం ఉంటుంది.

అప్పటిదాకా మెసేజ్‌ని తొలగించకండి. నంబరు, తేదీ, లింక్ మొత్తం పడేలా స్క్రీన్‌షాట్లు తీసుకున్నాక, దాన్ని జంక్‌గా రిపోర్ట్ చేసి తీసేయొచ్చు. ఇక్కడ పెట్టిన స్క్రీన్‌షాట్‌లో కింద ఇంకో మెసేజ్ తాలూకు నోటిఫికేషన్ సగం కనిపిస్తోంది, అందులో ఖాతా చివరి అంకెలున్నాయి. దాన్ని కత్తిరించి మళ్లీ పెట్టండి.

సిమ్ సంగతి నాకు కచ్చితంగా చెప్పడం కష్టం. మా వీధిలో ఇచ్ఛాపురం సిమ్‌తో చేసినాయనకి తెలుగులోనే మాట్లాడారు.

జయపురం కిరణ్
నాకు మాత్రం ఆంధ్రా సిమ్‌తో జయపురం నుంచి చేస్తే ఒడియాలో ఎత్తారు. టవర్‌ని బట్టో, సిమ్‌ని బట్టో.

బరంపురం సుజాత
ఎవరెత్తినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే, వివరాలు చేరేది దేశమంతటికీ ఒకటే ఉన్న వ్యవస్థలోకి. మా ఏరియా కాదు అంటే పట్టుబట్టి నంబరు తీసుకోండి. సైటులో అయితే రాష్ట్రం దగ్గర ఒడిశా, జిల్లా దగ్గర గజపతి ఎంచుకోండి, మీరు ఉండేది అక్కడ కాబట్టి.

పర్లాకిమిడి శ్రీను
స్క్రీన్‌షాట్ మార్చాను. చక్షులో పెట్టేశాను, సైబర్‌క్రైమ్ సైటులో ఫారం నింపుతున్నాను. కొత్త కార్డు వచ్చాక విదేశీ వాడకం నేనే ఆపేస్తాను. ఒక్కటి మిగిలింది. నాన్నగారు అదే ఫోన్‌లో బ్యాంకు యాప్ కూడా వాడతారు. పేజీ తెరిచారు కాబట్టి ఫోన్‌ని పూర్తిగా చెరిపేయాలా?

గుణుపురం డ్రైవర్
మా వాడిది చెరిపేశారు. మీరూ చెరిపేయడం మంచిది.

బరంపురం సుజాత
మీ వాడు యాప్ ఇన్‌స్టాల్ చేశాడు, అక్కడ చెరపాల్సిందే. ఇక్కడ పేజీలో వివరాలు నింపడం ఒక్కటే జరిగింది. నేనైతే ఫోన్ చెరపను. సఫారీలో చరిత్ర, సైటు సమాచారం తీసేసి, ఐఓఎస్ అప్‌డేట్ ఉంటే చేసి, బ్యాంకు యాప్ పిన్ మారుస్తాను. సెట్టింగ్స్‌లో ప్రొఫైల్ ఏదైనా కొత్తగా చేరిందేమో చూడండి, జనరల్‌లో వీపీఎన్, డివైస్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది. అక్కడ మీకు తెలియనిది ఏదైనా కనిపిస్తే మాత్రం ఇక్కడ రాయండి, అప్పుడు లెక్క వేరు.

పర్లాకిమిడి శ్రీను
చూశాను, అక్కడేమీ లేదు. పిన్ మార్చాను.